ముల్లు ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మా చిన్నాయనకు మూడెకరాల ఎర్ర చల్క ఉంది. ఒక ఏడు పత్తి వేస్తాడు, ఒక ఏడు మొక్కజొన్న. ఆ ఆగస్టులో పది రోజులు వాన ముఖం చాటేసేసరికి ఆయన పత్తి మిట్టమధ్యాహ్నం తలలు వాల్చేసింది. అదే చేనులో, ఒకప్పుడు పెంట కుప్ప వేసిన మూల మాత్రం పచ్చగా నిలబడి ఉంది. అదే విత్తనం, అదే రోజు నాటింది.

"వాన పడితే రెండు దినాలు నీళ్లు పైన్నే నిలుస్తయి. ఎండ కొడితే పది దినాలకే వాడుతది. ఇదేం భూమిరా" అన్నాడు చిన్నాయన.

ఊళ్లో ట్రాక్టర్ నడిపే అతను అప్పటికే మందు చెప్పేశాడట: ఎండాకాలంలో సబ్‌సాయిలర్‌తో అడుగున్నర లోతు చీల్పిస్తే అంతా సర్దుకుంటుందని. ఆ మాట నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. డబ్బు చేతిలో పెట్టే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మట్టి పరీక్షల పనిలో కొన్నేళ్లుగా ఉన్నవాణ్ణి కాబట్టి ఆ చూసే పని నేను తీసుకున్నాను.

ముందు ఒక మొక్కను చుట్టూ తవ్వి పైకి తీశాను. తల్లివేరు రెండు బెత్తెల లోతు వరకు నిలువుగా దిగి, అక్కడ మోకాలు మడిచినట్టు పక్కకు తిరిగింది. ఆ తరువాత అడ్డంగానే పాకింది. పత్తి వేరు అలా తిరిగిందంటే కింద దానికి ఏదో అడ్డొచ్చినట్టే. ఆ అడ్డు ఏమిటి, ఎంత మందం, దాని కింద ఏముంది అన్నవి వేరు చెప్పలేదు. వాటికి పెనిట్రోమీటర్ కావాలి.

చూడ్డానికి అది చాలా మామూలు పరికరం. గజం పొడవు సన్నని ఉక్కు కడ్డీ, కింద శంఖం ఆకారంలో మొన, పైన రెండు చేతులతో పట్టుకునే పిడి, పిడి దగ్గర గడియారంలాంటి డయల్. నేలలోకి నొక్కుతుంటే మట్టి ఎంత ఎదురు తిరుగుతోందో ముల్లు చూపిస్తుంది. కడ్డీ మీద మూడేసి అంగుళాలకు ఒక గీత ఉంటుంది. మొన కోణం 30 డిగ్రీలు. కడ్డీ మందం మొన కన్నా కొంచెం తక్కువగా ఉంచుతారు. లేకపోతే కడ్డీ పక్కలు మట్టిని రాసుకుని, ఆ రాపిడి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

మొనలు రెండు సైజుల్లో వస్తాయి. అర అంగుళం వ్యాసం ఉన్నది గట్టి నేలకు, ముప్పావు అంగుళం పైచిలుకు ఉన్నది మెత్తటి నేలకు. డయల్ మీద రెండింటికీ వేరువేరు కొలతలు ఉంటాయి. ఒక మొన బిగించి ఇంకో వరుస అంకెలు చదవడం అన్నది నేను ఎక్కువగా చూసిన పొరపాటు. దీని వెనక లెక్క తేలికే. చిన్న మొన వైశాల్యం చదరపు అంగుళంలో అయిదో వంతు. డయల్ మీద 300 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 300 పౌండ్లు చూపాలంటే మనం పిడి మీద 60 పౌండ్లు, అంటే 27 కిలోల బరువు వేస్తే చాలు. పెద్ద మొన వైశాల్యం అర చదరపు అంగుళం. దానితో అదే అంకె రావాలంటే 68 కిలోలు వేయాలి. మనిషి బరువంతా మోపాలన్నమాట. చల్క నేలకు చిన్న మొన ఎందుకో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ 300 అన్న అంకె ఎక్కడిది? దానికి మూలం పత్తి వేరే. 1963లో టేలర్, గార్డ్నర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు మట్టిని రకరకాల గట్టిదనాలతో, రకరకాల తేమతో కూరి, అందులోకి పత్తి మొలకల తల్లివేళ్లు ఎన్ని దిగుతాయో లెక్కపెట్టారు. వేరును ఆపేది మట్టి బరువో సాంద్రతో కాదు, ఆ క్షణంలో ఆ మట్టి చూపించే గట్టిదనం అని తేల్చారు. గట్టిదనం పెరిగేకొద్దీ దిగే వేళ్ల సంఖ్య తగ్గుతూ వచ్చి, ఒక హద్దు దాటాక ఒక్కటీ దిగలేదు. ఆ హద్దుకు కాస్త ఇవతలే, 2 మెగాపాస్కళ్ల దగ్గర, క్షేత్రంలో వాడుకోవడానికి ఒక గీత గీశారు. అదే పౌండ్ల లెక్కలో సుమారు 300. డయల్ మీద ఎరుపు రంగు మొదలయ్యేది అక్కడే.

అయితే ఉక్కు మొన వేరు కాదు. వేరు కొన దగ్గర జిగురు ఊరుతుంది, దాని ఒరిపిడి తక్కువ. పగులో వానపాము బొరియో దొరికితే అటు వంగి పోతుంది. ఉక్కు మొనకు ఆ నేర్పు లేదు, ఎదురుగా ఏది ఉంటే దాన్ని గుద్దుకుంటూ పోతుంది. అందుకే ఒకే మట్టిలో వేరుకు తగిలే ఎదురు కన్నా మొనకు తగిలేది ఎన్నో రెట్లు ఎక్కువ. 300 అన్నది వేరు ఒత్తిడి కాదు, మొన చదివే అంకె. పగుళ్లు, బొరియలు బాగా ఉన్న నేలలో ముల్లు ఎరుపులో ఉన్నా వేళ్లు దిగిపోతూనే ఉంటాయి.

ఇక ఈ పరీక్ష మొత్తాన్నీ తారుమారు చేసేది తేమ. ఎండిన మట్టి ఎప్పుడైనా గట్టిదే. ఏ పొరా లేని మంచి నేలలో కూడా మే నెలలో మొన గుచ్చితే ముల్లు ఎరుపు చివరికి వెళ్తుంది. బురదలో గుచ్చితే ఉన్న పొర కూడా దొరకదు. ఎండాకాలంలో గుచ్చి "మొత్తం రాయైంది, చీల్చాలి" అని తేల్చేసినవాళ్లను చాలామందిని చూశాను. అది నేల గురించి చెప్పిన మాట కాదు, ఎండ గురించి చెప్పిన మాట. నేలంతా లోతుగా నానేలా ఒక గట్టి వాన పడి, పై నీరు దిగిపోయి, మట్టి నిండా తేమ మాత్రం మిగిలినప్పుడు గుచ్చాలి. చల్కలో అది వాన పడిన మర్నాటి నుంచి రెండో రోజుకు వస్తుంది, నల్లరేగడిలో ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. రైతులు పదును అనేది దాదాపు ఇదే. అప్పుడు కూడా ముల్లు ఎరుపులోకి వెళ్లిందంటే మిగతా రోజుల్లో వేరు పరిస్థితి అంతకన్నా కష్టంగానే ఉంటుంది.

చిన్నాయన చేనులో ఆ అదను కోసం మేము సెప్టెంబరు దాకా ఆగాం. ఒక రాత్రి వాన దంచి కొట్టింది. ఒక రోజు వదిలి ఆ మర్నాడు పొద్దున్నే దిగాం. ఎకరాకు నాలుగు చొప్పున పన్నెండు చోట్లు ఎంచుకున్నాం. చేను మధ్యలోనే కాక ట్రాక్టర్ మళ్లే చివర్లలో, బండి దారిలో, ఆ పెంట కుప్ప మూలలో కూడా గుచ్చాం. నొక్కడం ఒకే వేగంతో సాగాలి, సెకనుకు మూడు సెంటీమీటర్లు. అడుగున్నర దిగడానికి పదిహేను సెకన్లు. ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున తోస్తే అంకె ఎక్కువ వస్తుంది.

ప్రతిచోటా రెండే రాసుకున్నాం. ముల్లు 300 ఎక్కడ దాటింది, మళ్లీ ఎక్కడ 300 కిందికి వచ్చింది. గరిష్ఠంగా ఎంత చూపిందన్నది నేను రాయను. 380 అయినా 450 అయినా చేయబోయే పనిలో తేడా లేదు. చేయాలా వద్దా, చేస్తే ఎంత లోతు అని చెప్పేవి ఆ రెండు లోతులే.

ఒకచోట టక్కున ఆగి చేతులకు దెబ్బ తగిలినట్టయింది. అది రాయి. చల్కలో ఇది మామూలే. అలా తగిలితే ఆ అంకె కొట్టేసి, ఒక అడుగు పక్కకు జరిగి మళ్లీ గుచ్చాలి. పొర అయితే ముల్లు మెల్లగా ఎక్కుతుంది, రాయి అయితే ఎగిరి పడుతుంది.

పన్నెండింటిలో ఎనిమిది చోట్ల ముల్లు 16 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య ఎరుపులోకి వెళ్లింది. ఆరు చోట్ల 25, 26 దగ్గర దిగిపోయింది, రెండుచోట్ల 29 దాకా లాగింది. ఆ కింద మొన వెన్నలోకి దిగినట్టు దిగింది. మిగతా నాలుగింట్లో ఎరుపే రాలేదు. అందులో పెంట కుప్ప మూల ఒకటి.

ముల్లు ఇలా లేచి, మళ్లీ దిగితే దాన్ని మనం చేసిన పొర అనుకోవచ్చు. ఎందుకు చేశామో కూడా చిన్నాయన మాటల్లోనే దొరికింది. పదేళ్లుగా ఏడాదికి రెండుసార్లు రోటవేటర్, అదీ ఎప్పుడూ అదే లోతు. రోటవేటర్ పైన మట్టిని పిండి చేస్తుంది కానీ దాని బ్లేళ్లు కింద తిరిగే చోట తేమ నేలను ఇస్త్రీ చేసినట్టు మెత్తుతాయి. పైన ట్రాక్టర్ బరువు తోడవుతుంది. పిండి అయిన మట్టిలోని సన్నని రేణువులు వాన నీటితో దిగి ఆ మెత్తిన చోటే చిక్కుకుంటాయి. ఎద్దుల నాగలి కాలంలోనూ నాగలి కింద ఒక పొర ఉండేది, అంత గట్టిది కాదు.

అమెరికాలో కెంటకీ, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు రైతులకు ఒక లెక్క చెబుతాయి. పై 15 అంగుళాల్లో 300 దాటిన చోట్లు నూటికి 50 లోపు ఉంటే సబ్‌సాయిలర్ జోలికి పోవద్దు. 50 నుంచి 75 మధ్య ఉంటే పనికివస్తుంది. 75 దాటితే తప్పనిసరి అన్నట్టే. మాకు పన్నెండుకు ఎనిమిది, అంటే 67 శాతం. ఈ లెక్క వాళ్ల నేలలకు కట్టింది. మన చల్కకు దీన్నొక ఊతకర్రలా వాడుకుంటాను తప్ప దీనొక్కదానిమీద ఆధారపడి చీల్చమని చెప్పను.

అందుకే గడ్డపలుగు, పార తీసుకుని మూడు గుంతలు తవ్వాం. రెండు ఎరుపు వచ్చిన చోట్ల, ఒకటి రాని చోట. గుంత గోడను పైనుంచి కిందికి చాకు మొనతో గీసుకుంటూ వస్తే రెండు బెత్తెల దగ్గర చాకు ఆగింది. అక్కడి పెళ్ల చేత్తో విరిస్తే గుండ్రని గడ్డలుగా విడిపోలేదు, అప్పడాల దొంతరలా అడ్డంగా పొరలు పొరలుగా విడిపోయింది. వేళ్లు ఆ పొర మీద చాప పరిచినట్టు పరుచుకున్నాయి. ఒకటి రెండు సన్నవి మాత్రం పాత వేరు కుళ్లిన బొరియల్లోంచి కిందికి జారాయి. పొర కింద మట్టి తేమగా ఉంది. ఆగస్టులో పంట వాడుతున్నప్పుడు కూడా ఆ తేమ అక్కడే ఉండి ఉంటుంది, వేరుకు అందలేదంతే. మూడో గుంతలో తల్లివేరు మోకాలి లోతు దాకా నిటారుగా దిగింది. ముల్లు, చాకు, వేరు మూడూ ఒకే లోతు దగ్గర ఒకే మాట చెప్పాయి కాబట్టి చీల్చడానికి నేను ఒప్పుకున్నాను.

పక్క చేను ఆయనకు అదే రోజు వద్దని చెప్పాను. అది కొంచెం ఎత్తు మీద ఉన్న భూమి. అక్కడ ముల్లు 20 సెంటీమీటర్ల దగ్గర లేచి మళ్లీ దిగలేదు. ఎంత నొక్కినా ఎరుపే, కాసేపటికి మొన ముందుకే పోలేదు. తవ్వి చూస్తే కింద మొరం, దానితో కలిసిపోయిన ఎర్ర బంకమట్టి. అది ట్రాక్టర్ చేసిన పొర కాదు, ఆ నేల పుట్టుకతోనే ఉన్నది. దాన్ని చీలిస్తే కింద వేరు పోయి చేరే మెత్తటి చోటేమీ లేదు. మొరం పైకి వస్తుంది, రెండు వానలకు చీలికలు మళ్లీ పూడుకుపోతాయి. అక్కడ పెట్టే డబ్బు పై మట్టికి పశువుల ఎరువు తోలడానికి పెడితే మేలని చెప్పాను. ముల్లు దిగకపోవడం చూసి "ఇంకా గట్టిగా ఉంది, అందుకే ఇంకా లోతుగా చీల్చాలి" అనుకోవడం సహజం. నా అనుభవంలో ఎక్కువ డబ్బు వృథా అయింది ఇలాంటి చోట్లే.

వరి మళ్లలో సంగతి ఇంకా వేరు. దమ్ము చేసిన ప్రతిసారీ కింద ఒక గట్టి పొర పడుతుంది. మడిలో నీళ్లు నిలబెట్టేది అదే. కృష్ణా డెల్టాలో వరి తరువాత మినుము, దున్నకుండా మొక్కజొన్న వేసే చోట ఆ పొర రెండో పంట వేరుకు అడ్డమే, కాదనను. కానీ దాన్ని చీలిస్తే వచ్చే వానాకాలం నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఇంకిపోతాయి. ఇక వరి వేయను అనుకున్న మడిలో మాత్రమే దాన్ని ముట్టుకోవాలి. నల్లరేగడికి ఎండాకాలపు పగుళ్లే నాగళ్లు. బెత్తెడు వెడల్పు, నిలువు లోతు పగిలే నేలను ఇనుముతో చీల్చాల్సిన అవసరం తక్కువగానే వస్తుంది. చౌడు నేల గట్టిదనానికి కారణం ట్రాక్టర్ కాదు, సోడియం. జిప్సం వేయకుండా దాన్ని చీలిస్తే ఒక్క తడికే తిరిగి అతుక్కుంటుంది.

పరీక్ష తడిలో చేశాం, పని పొడిలో చేయాలి. ఈ రెండూ ఒకే రోజు కుదరవు. ఇది చెబితే చిన్నాయన కాసేపు నమ్మలేదు. "తడిగున్నప్పుడైతే నాగలి తేలిగ్గ పోతది గదరా" అన్నాడు. తేలిగ్గా పోతుంది, నిజమే. కత్తి బెల్లం పాకంలో పోయినట్టు పోతుంది. వెనక ఒక సన్నని చీలిక, దాని గోడలు నునుపుగా మెత్తినవి, అంతే మిగులుతుంది. అదే పొర పొడిగా ఉంటే సబ్‌సాయిలర్ పాదం దాన్ని కింది నుంచి ఎత్తి విరుస్తుంది, పగుళ్లు రెండు పక్కలా వీ ఆకారంలో పైకి పాకుతాయి. మనకు కావలసింది చీలిక కాదు, ఆ పగుళ్లు. ఎంత పొడి చాలు అన్నది చేత్తోనే తెలుస్తుంది. పని చేయబోయే లోతు నుంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య పేనాలి. వత్తిలా సాగితే ఇంకా తడి. సాగకుండా పొడిపొడిగా విరిగితే దిగవచ్చు.

అలాగని మే దాకా ఆగితే చల్క ఇటుకైపోతుంది. ట్రాక్టర్ లాగలేదు, లాగినా బండలంత పెళ్లలు లేస్తాయి. పత్తి వేళ్లు నేలలోని తేమను బాగా పీల్చేసి ఉంటాయి కాబట్టి కట్టె పీకిన వెంటనే ఫిబ్రవరిలో మాకు ఆ మధ్యస్థితి దొరికింది.

లోతు దగ్గర ట్రాక్టర్ అతనితో కొంత వాదన నడిచింది. ఆయనకు అడుగున్నర దించడం అలవాటు. మా పొర 29 దగ్గర ముగుస్తోంది, దాని కింద ఒక అంగుళం చాలు. 32 సెంటీమీటర్లకు బిగించమన్నాను. లోతు పెరిగేకొద్దీ డీజిల్ ఖర్చు పెరుగుతుందన్నది ఒక కారణం. ఇంకొకటి చాలామందికి తెలియదు. సబ్‌సాయిలర్ పాదం వెడల్పుకు సుమారు ఆరు రెట్ల లోతు దాటాక మట్టి పైకి లేవడం మానేసి పక్కలకు నొక్కుకుంటుంది. అంటే విప్పడానికి దించిన ఇనుమే అక్కడ కొత్తగా గట్టి చేస్తుంది. ఆయన పరికరం పాదం రెండు అంగుళాలు, కాబట్టి 30 సెంటీమీటర్ల దగ్గరే మేము ఆ హద్దును తాకాం. అడుగున్నర అయితే బాగా దాటిపోయేవాళ్లం.

సాళ్ల మధ్య దూరం లోతుకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లు ఉండాలి. మేము 45 సెంటీమీటర్లు పెట్టాం. ఒంటి కాలు సబ్‌సాయిలర్, 50 హార్స్‌పవర్ ట్రాక్టర్. నాలుగు సాళ్లు పోయాక ఆపించి, రెండు సాళ్ల నడుమ పారతో అడ్డంగా తవ్వి చూశాం. పగుళ్లు ఒకదాన్నొకటి అందుకున్నాయి. అందుకోకపోయి ఉంటే దూరం తగ్గించేవాళ్లం, మట్టి సాగుతూ కనిపిస్తే ఆ రోజుకు ఆపేసేవాళ్లం. చేను మధ్యలో రెండు పట్టీలు ట్రాక్టర్ వెడల్పున అసలు చీల్చకుండా వదిలేయించాను. చిన్నాయనకు అది నచ్చలేదు. చీల్చనిది పక్కన లేకపోతే వచ్చే ఏడు పంట బాగున్నా అది వాన వల్లో, పని వల్లో ఎలా తెలుస్తుంది?

విప్పిన నేల మెత్తగా ఉంటుంది కాబట్టి దాని మీద పడే మొదటి చక్రమే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ ఏడు రోటవేటర్ మానిపించాను. గొర్రు ఒక్కసారి తోలి, మొక్కజొన్నలో ఆరు సాళ్లకు ఒక సాలు కంది వేయించాను. కంది తల్లివేరు ఆ పగుళ్లలో దిగి, కుళ్లిపోయాక అక్కడ ఒక దారి మిగుల్చుతుంది. చక్రాల దారి ఒకటే అని గీసి ఇచ్చాను.

ఆ జూలైలో వానలు సమంగా పడ్డాయి. చీల్చిన చోటుకీ వదిలేసిన పట్టీకీ కంటికి తేడా కనబడలేదు, చిన్నాయన నా వంక అదోలా చూశాడు. నీళ్లు పైనే దొరుకుతున్నంత కాలం వేరుకు కింది తేమతో పనిలేదు, పొర ఉన్నా లేనట్టే. ఆగస్టు చివర రెండు వారాలు ఎండ కాసినప్పుడు ఆ రెండు పట్టీల్లోని మొక్కజొన్న ఆకులు పదిన్నరకే చుట్టుకున్నాయి. పక్కనున్నది సాయంత్రం దాకా విప్పుకునే ఉంది.

వాన పడ్డాక మళ్లీ అవే పన్నెండు చోట్ల గుచ్చాం. చీల్చిన ఎనిమిదింటిలో ఏడు చోట్ల ముల్లు ఎరుపు తాకలేదు. ఎనిమిదోది బండి దారి పక్కన. నేను గీసి ఇచ్చిన దారి తడిసి జారుతోందని ఎరువు బస్తాల ట్రాలీని అటు మళ్లించారట. అక్కడ ముల్లు 14 సెంటీమీటర్ల దగ్గరే లేచింది, మునుపటికన్నా పైన.